రెండు బటన్లు, మూడు స్థితులు: వదిలినప్పుడు తప్పు మోటారు ఎందుకు ఎంపికవుతోంది?

శ్రావణి, నల్లగొండ

అందరికీ నమస్కారం. ల్యాబులో మాకు క్లాక్ లేని సర్క్యూట్ ఒకటి ఇచ్చారు. మొదటి బటన్ (x1) నొక్కితే మొదటి మోటారు, రెండో బటన్ (x2) నొక్కితే రెండో మోటారు ఎంపిక కావాలి, బటన్ వదిలినా ఆ ఎంపిక నిలిచి ఉండాలి. రెండూ కలిపి నొక్కితే రెండు మోటార్లూ ఆగాలి. రెండు బటన్లూ పూర్తిగా వదిలాక మళ్లీ మొదటి మోటారుకే రావాలి. మోటార్ల బదులు ప్రస్తుతం ఎల్‌ఈడీలు పెట్టాను. నేను రాసుకున్న ఫ్లో టేబుల్ ఇది. బ్రాకెట్లలో ఉన్నవి నిలకడ స్థితులు, పై వరుసలో ఉన్నవి x1x2 విలువలు.

```
      00    01    11    10
a    (a)    b     c    (a)
b    (b)   (b)    c     a
c     a    (c)   (c)   (c)
```

a అంటే మొదటి మోటారు, b అంటే రెండోది, c అంటే రెండూ ఆగడం. గ్రే కోడ్ వరుసలో a=00, b=01, c=11 అని ఇచ్చాను. సిమ్యులేషన్‌లో ఏ తప్పూ కనబడలేదు. కానీ బ్రెడ్‌బోర్డు మీద రెండు బటన్లూ నొక్కి వదిలినప్పుడు కొన్నిసార్లు మొదటి ఎల్‌ఈడీకి బదులు రెండోది వెలిగి అలాగే ఉండిపోతోంది. వైర్లన్నీ మార్చి చూశాను, ఫలితం లేదు. గ్రే వరుస వాడితే రేస్ రాదని చదువుకున్నాం కదా, మరి ఇది ఏమిటి?

భాస్కర్, మిర్యాలగూడ

శ్రావణి గారూ, గ్రే వరుస వాడినంత మాత్రాన సరిపోదు. మీ టేబుల్‌లో a నుంచి bకి, b నుంచి cకి ఒక్కొక్క బిట్టే మారుతుంది, అంతవరకు బాగానే ఉంది. కానీ 00 నిలువు వరుసలో c నుంచి aకి వెళ్లాలి, అంటే 11 నుంచి 00కి రెండు బిట్లూ ఒకేసారి మారాలి. నిజమైన గేట్లలో రెండు బిట్లు ఎన్నడూ కచ్చితంగా ఒకే క్షణంలో మారవు. పై బిట్టు ముందు పడిపోతే మీరు 01లో, అంటే bలో దిగుతారు. ఆ నిలువు వరుసలో b నిలకడ స్థితి కనుక అక్కడి నుంచి ఇక కదలరు. మీకు కనబడుతున్న రెండో ఎల్‌ఈడీ అదే. ఇది స్పష్టమైన క్రిటికల్ రేస్.

దీనికి మందు సులభం. వాడని 10 కోడ్‌కు d అని పేరు పెట్టి, 00 నిలువు వరుసలో c నుంచి dకి, d నుంచి aకి దారి వేయండి. 11, 10, 00 అన్న క్రమంలో ఒక్కో అడుగుకు ఒక్క బిట్టే మారుతుంది. రేస్ లేని అసైన్‌మెంట్ ఇచ్చారంటే సర్క్యూట్ ఇక గేట్ల వేగంతో సంబంధం లేకుండా పనిచేస్తుంది, నిశ్చింతగా ఉండవచ్చు.

మల్లేశం, దేవరకొండ

అమ్మా, నేను మోటార్ల పని చేసేవాణ్ని, మీ టేబుళ్లు నాకు పెద్దగా అర్థం కావు గానీ, రెండు మోటార్ల పోటీ అనగానే నా సంగతి గుర్తుకొచ్చింది. ఒక బావి దగ్గర రెండు మోటార్లకు రెండు కాంటాక్టర్లు పెట్టి, ఒకటి పట్టుకుంటే రెండోది పట్టుకోకుండా ఒకదాని ఎన్‌సీ కాంటాక్టు మరొకదాని కాయిల్‌కు సిరీస్‌లో ఇచ్చాను. రెండు స్విచ్‌లూ ఆన్‌లో ఉండగా కరెంటు పోయి తిరిగి వస్తే ఒక్కోసారి ఒక మోటారు, ఒక్కోసారి ఇంకోటి నడుస్తోంది, అప్పుడప్పుడు రెండు కాంటాక్టర్లూ కాసేపు టకటకమని కొట్టుకుంటున్నాయి. కాంటాక్టర్లు మార్చాలా, లేక ఓల్టేజీ లోపమా?

యాదగిరి, మహబూబ్‌నగర్

మల్లేశం గారు అడిగింది వేరే సంగతిలా కనబడుతుంది గానీ నిజానికి ఇదే విషయం, కాబట్టి ముందు ఆయనకు చెప్పి తర్వాత శ్రావణి గారి దగ్గరికి వస్తాను.

కరెంటు వచ్చిన క్షణాన రెండు కాంటాక్టర్లూ వదిలి ఉంటాయి కనుక రెండు ఎన్‌సీ కాంటాక్టులూ మూసుకొని ఉంటాయి, అందువల్ల రెండు కాయిళ్లకూ ఒకేసారి 'పట్టుకో' అన్న ఆజ్ఞ వెళ్తుంది. ఏది ముందు పట్టుకుంటే అది రెండోదాని దారి తెంచుతుంది. రెండూ దాదాపు సమానంగా కదిలితే ఒకదాన్ని ఒకటి తెంచుకుంటూ కొట్టుకుంటాయి. ఇది అచ్చమైన క్రిటికల్ రేసే. కాంటాక్టర్లు చెడిపోలేదు. ఒకదాని కాయిల్‌కు కొన్ని సెకన్ల ఆన్ డిలే టైమర్ పెట్టండి, అప్పుడు ఎవరు గెలవాలో ముందే మీరు తేల్చినట్టవుతుంది.

ఇక శ్రావణి గారి సర్క్యూట్. రేస్‌ను భాస్కర్ గారు సరిగ్గానే పట్టుకున్నారు, d అడ్డవరుస కూడా పనిచేస్తుంది. కానీ నేనైతే ఈ టేబుల్‌కు అలా వెళ్లను. మూడు స్థితులకు రెండు బిట్లు ఇస్తే ఏదో ఒక జంట తప్పకుండా ఎదురెదురు మూలల్లో పడుతుంది, ఎందుకంటే చతురస్రం అంచుల వెంబడి మూడు అడుగుల్లో బయల్దేరిన చోటికి తిరిగి రాలేము. కాబట్టి అడగవలసిన ప్రశ్న, ఏ జంటను ఎదురు మూలల్లో పెడితే నష్టం ఉండదు అన్నది. మీరు c, a జంటను అక్కడ పెట్టారు. ఆ మార్పు జరిగే 00 నిలువు వరుసలో a, b రెండూ నిలకడగా ఉన్నాయి కనుక దారి తప్పితే పట్టుకునే గొయ్యి అక్కడే ఉంది.

దానికి బదులు b, c జంటను ఎదురెదురుగా పెట్టి చూడండి: a=00, b=01, c=10. b నుంచి cకి వెళ్లేది 11 నిలువు వరుసలో మాత్రమే, అక్కడ నిలకడ స్థితి c ఒక్కటే. దారిలో 00 తగిలితే అది a, అక్కడి నుంచి cకే పంపుతుంది. 11 కోడ్ తగిలితే అది వాడని గడి, దానిలో కూడా c అని నింపితే అదీ cకే చేరుతుంది. రెండు బిట్ల పోటీ ఉంటుంది, కానీ ఎవరు గెలిచినా గమ్యం ఒకటే. ఇలాంటి రేస్‌ను తొలగించడానికి అదనపు అడుగులు వేయనవసరం లేదు.

అయితే ఆ వాడని గడి దగ్గర జాగ్రత్తగా ఉండాలి. కార్నో మ్యాప్‌లో దాన్ని ఏ విలువైనా ఫర్వాలేని గడిగా తీసుకొని, సూత్రం చిన్నదవుతుందని ఇష్టం వచ్చినట్టు నింపితే, ఆ గడి తనంతట తాను నిలకడ స్థితి అయిపోయి మంచి రేస్ కాస్తా క్రిటికల్ రేస్ అవుతుంది. ఈ అసైన్‌మెంట్‌కు నాకు వచ్చిన సూత్రాలు ఇవి, y1 పై బిట్టు:

```
Y1 = x1 x2 + x1 y1 + x2 y1
Y2 = x1' x2 y1' + x1' y1' y2
```

y1=1, y2=1, x1x2=11 అని వేసి చూస్తే Y1=1, Y2=0 వస్తుంది, అంటే c. కనుక ఆ గడి సరిగానే నిండింది.

భాస్కర్ గారు చివరన అన్న 'నిశ్చింతగా ఉండవచ్చు' అన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. ఆ సంగతి శ్రావణి గారు ఈ మార్పు చేసి చూశాక మాట్లాడుకుందాం.

శ్రావణి, నల్లగొండ

యాదగిరి సార్, మీరు ఇచ్చిన సూత్రాలతో 74HC గేట్లు వాడి మళ్లీ కట్టాను. తప్పు బాగా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. ఇప్పుడు ఒక విషయం గమనించాను. రెండు బటన్లూ నొక్కి, మొదటి బటన్‌ను చివరగా వదిలితే ప్రతిసారీ మొదటి ఎల్‌ఈడీయే వస్తోంది. రెండో బటన్‌ను చివరగా వదిలినప్పుడే అప్పుడప్పుడు రెండో ఎల్‌ఈడీ వెలుగుతోంది. పాత అసైన్‌మెంట్‌తో ఏ బటన్ చివరగా వదిలినా తప్పు వచ్చేది.

భాస్కర్, మిర్యాలగూడ

అయితే ఏదో ఒక గేటు చెడిపోయి ఉంటుంది, లేదా సూత్రంలో కవరింగ్ లోపం ఉంటుంది. c నుంచి aకి ఇప్పుడు ఒక్క బిట్టే మారుతోంది, కనుక రేస్ అనే మాటే లేదు. x2 మారేటప్పుడు Y1 లో క్షణకాలం సున్నా పడుతోందేమో చూడండి.

యాదగిరి, మహబూబ్‌నగర్

భాస్కర్ గారూ, Y1 లోని మూడు పదాలూ ఒకదాన్నొకటి కప్పుకొనే ఉన్నాయి. 11 నుంచి 01కి వెళ్లేటప్పుడు x2y1 పదం పట్టి ఉంచుతుంది, 10కి వెళ్లేటప్పుడు x1y1 పట్టి ఉంచుతుంది. ఆ సూత్రంలో చిల్లు లేదు. గేట్లు కూడా మంచివే అని నా నమ్మకం, ఎందుకంటే శ్రావణి గారు గమనించిన తేడా ఫ్లో టేబుల్‌లోనే కనబడుతోంది.

సర్క్యూట్ cలో ఉండగా x1x2=01 అనుకోండి, అంటే రెండో బటన్ ఒక్కటే ఇంకా నొక్కి ఉంది. దాన్ని ఒకసారి వదలండి: 00లో c నుంచి aకి వస్తాం. ఇప్పుడు అదే బటన్‌ను వదిలి, మళ్లీ నొక్కి, మళ్లీ వదిలినట్టు టేబుల్ మీద నడవండి: వదిలితే a, నొక్కితే b, వదిలితే bలోనే ఉంటాం. ఒక మార్పుకు a, మూడు మార్పులకు b. ఇలా తేడా వస్తే ఆ టేబుల్‌లో ఎసెన్షియల్ హజార్డ్ ఉన్నట్టే అని స్టీఫెన్ అంగర్ 1959లో చూపించాడు. మొదటి బటన్‌తో ఇదే నడక చేయండి: cలో x1x2=10 నుంచి వదిలితే a, నొక్కితే a, వదిలితే a. తేడా లేదు. ఈ టేబుల్‌లోని మిగతా నిలకడ స్థితులన్నీ కూడా చూశాను, తేడా వచ్చేది ఆ ఒక్క చోటే.

ఇది గేట్లలో ఎలా జరుగుతుందో చూద్దాం. x2 పడిపోయిన వార్త Y1 గేట్లకు ముందు చేరింది. Y1 సున్నా అయింది, ఆ y1 విలువ తిరుగుదారిలో Y2 గేటుకు చేరి y1' ఒకటి అయింది. కానీ x2 పడిపోయిన వార్త Y2 గేటుకు ఇంకా చేరలేదు, ఆ గేటు కళ్లకు x2 ఇంకా ఒకటే. కనుక x1'x2y1' ఒకటి అయిపోయి Y2 లేస్తుంది. ఆ తర్వాత x2 నిజంగా పడిపోయినా, x1'y1'y2 పదం దాన్ని అలాగే పట్టుకొని ఉంచుతుంది. మీరు bలో నిలిచిపోయారు. అంటే Y2 గేటు ఒకే మార్పును y1 మార్పు తర్వాత చూడటం వల్ల, టేబుల్ లెక్కలో మూడు మార్పులు జరిగినట్టు అయింది.

స్టేట్ అసైన్‌మెంట్ ఎంత బాగా ఎంచుకున్నా ఇది పోదు, ఎందుకంటే నేను పైన చేసిన పరీక్షలో కోడ్‌ల ప్రస్తావనే లేదు. అసైన్‌మెంట్‌తో పోయేది రేస్, టేబుల్‌లోనే ఉండేది ఈ హజార్డ్. దీన్ని అదుపు చేయాలంటే ఆలస్యాల మీద పట్టు ఉండాలి.

శ్రావణి గారూ, ఒక విషయం తేలాలి. మామూలుగా బ్రెడ్‌బోర్డు మీద ఇది జరగకూడదు. y1 మార్పు Y2ను చేరాలంటే మూడు నాలుగు గేట్లు దాటాలి, 5 ఓల్టుల దగ్గర అది సుమారు 30 నానోసెకన్లు. x2 తీగ నేరుగా Y2 గేటుకు వెళ్తే అంత ఆలస్యం కావడానికి వీల్లేదు. మీ x2 రెండు గేట్లకూ ఒకే చోటు నుంచి వెళ్తోందా?

శ్రావణి, నల్లగొండ

లేదు సార్. Y1, Y2 రెండు వేర్వేరు బ్రెడ్‌బోర్డుల మీద ఉన్నాయి. బటన్ బౌన్స్ కోసం ప్రతి బోర్డు మీదా విడిగా 10 కిలోఓం, 1 మైక్రోఫారడ్ ఫిల్టర్ పెట్టి, దాని తర్వాత 74HC14 పెట్టాను. అంటే x2 తీగ బటన్ దగ్గరే రెండుగా చీలి, రెండు ఫిల్టర్ల గుండా వెళ్తోంది.

సల్మా, జడ్చర్ల

అయితే సమాధానం అక్కడే ఉంది. 10 కిలోఓం, 1 మైక్రోఫారడ్ అంటే టైమ్ కాన్‌స్టంట్ 10 మిల్లీసెకన్లు. కెపాసిటర్ విలువలో పది శాతం తేడా ఉన్నా, రెండు ఫిల్టర్లు ట్రిగ్గరయ్యే సమయంలో అర మిల్లీసెకనుకు పైగా తేడా వస్తుంది. యాదగిరి సార్ చెప్పిన 30 నానోసెకన్లతో పోలిస్తే అది పదివేల రెట్లకు పైనే. Y2 బోర్డు ఫిల్టర్ నెమ్మదిగా ఉంటే తప్పు జరుగుతుంది, Y1 బోర్డు ఫిల్టర్ నెమ్మదిగా ఉంటే జరగదు.

ఇంకొక సందేహం కూడా తీర్చుకోవాలి. బటన్ వదిలేటప్పుడు వచ్చే బౌన్స్ అంటేనే వదలడం, తగలడం, వదలడం. ఫిల్టర్ దాన్ని పూర్తిగా ఆపకపోతే సర్క్యూట్ నిజంగానే మూడు మార్పులు చూసి, టేబుల్ చెప్పినట్టే bకి వెళ్తుంది. అప్పుడు తప్పు హజార్డ్‌ది కాదు, ఇన్‌పుట్‌ది. రెండింటినీ విడదీయాలంటే Y2 బోర్డు x2 తీగను దాని ఫిల్టర్ నుంచి తీసి, Y1 బోర్డు 74HC14 అవుట్‌పుట్ నుంచే ఇవ్వండి. తప్పు ఆగిపోతే ఫిల్టర్ల తేడా కారణం. ఆగకపోతే బౌన్స్ లోపలికి వస్తున్నట్టు.

నా సొంత అభిప్రాయం చెప్పాలంటే, బటన్ల పనికి ఇంత బాధ ఎందుకు? ఒక మెల్లని క్లాక్ పెట్టి రెండు ఇన్‌పుట్లనూ ఫ్లిప్‌ఫ్లాప్‌లతో పట్టుకుంటే రేస్, హజార్డ్ రెండూ పోతాయి. నేను ఎఫ్‌పీజీఏలతో పనిచేస్తాను. అక్కడ ఇలాంటి లూప్ రాస్తే తీగల దారులు టూల్ ఇష్టప్రకారం పడతాయి, ప్రతి కంపైల్‌కు ఆలస్యాలు మారిపోతాయి. నేడు పనిచేసిన సర్క్యూట్ రేపు పనిచేస్తుందన్న హామీ లేదు.

నాగరాజు, నాగర్‌కర్నూల్

హజార్డ్ టేబుల్‌లో ఉందన్నారు కదా, మరి టేబుల్‌నే మారుస్తే? రెండూ వదిలాక మొదటి మోటారుకు రావడం బదులు, 'ఆగి ఉంది' అనే కొత్త స్థితి s పెట్టి అక్కడే ఉంచితే బావుంటుంది కదా. మోటార్ల వైపు నుంచి చూసినా అదే భద్రమైన పద్ధతి.

యాదగిరి, మహబూబ్‌నగర్

భద్రత మాట నిజమే, కానీ హజార్డ్ తగ్గదు, రెట్టింపవుతుంది. cలో 01 నుంచి రెండో బటన్ ఒకసారి వదిలితే s, మూడు మార్పులు చేస్తే b. 10 నుంచి మొదటి బటన్ ఒకసారి వదిలితే s, మూడు మార్పులకు a. ఇంతకుముందు ఒక బటన్‌కే ఉన్న జబ్బు ఇప్పుడు రెండింటికీ వచ్చింది.

హజార్డ్ నిజంగా పోయే మార్పు ఒకటి ఉంది: రెండింటిలో ఏ బటన్ ఇంకా నొక్కి ఉంటే ఆ మోటారుకు వెంటనే వెళ్లిపోవడం. అప్పుడు c అన్నది 11లో తప్ప మరెక్కడా ఉండదు, ఒక మార్పుకూ మూడు మార్పులకూ ఒకటే ఫలితం. కానీ అది శ్రావణి గారిని అడిగిన సర్క్యూట్ కాదు.

సల్మా గారి పరీక్ష సరైనది, ముందు అది చేయండి. క్లాక్ విషయంలో ఉద్యోగం చేసేవారికి ఆమె మాటే సరి. కానీ ల్యాబులో ఇచ్చింది క్లాక్ లేని పద్ధతి నేర్చుకోవడానికే కదా, క్లాక్ పెడితే ఈ ప్రశ్నే మిగలదు.

క్లాక్ లేకుండా ఉంచాలంటే రెండు పనులు. మొదటిది, బటన్‌కు ఒకే ఫిల్టర్, ఒకే ష్మిట్ గేటు పెట్టి, ఆ తర్వాతే తీగను చీల్చడం. రెండోది, అప్పటికీ x2 దారులు సమానంగా ఉంటాయన్న నమ్మకం లేకపోతే, y1 నుంచి Y2కి వెళ్లే శాఖలో మాత్రం ఆలస్యం పెట్టడం. ఆ ఆలస్యం x2 దారుల మధ్య ఉండగల గరిష్ఠ తేడా కంటే ఎక్కువ ఉండాలి. Y1 తనను తాను పట్టుకునే శాఖలో అది అవసరం లేదు. దీనికి ఒక ధర ఉంది: ఆ ఆలస్యం గడిచేదాకా బటన్లు మళ్లీ మారకూడదు. ఉదాహరణకు రెండూ నొక్కిన వెంటనే, ఆలస్యం పూర్తి కాకముందే మొదటిది వదిలేస్తే, Y2 ఇంకా పాత y1నే చూస్తూ పొరపాటున లేచే ప్రమాదం ఉంది. ఒక మిల్లీసెకను ఆలస్యమైతే మనిషి వేలికి అడ్డం రాదు. యంత్రం నుంచి వచ్చే సిగ్నళ్లకైతే లెక్క వేసుకోవాలి.

శ్రావణి, నల్లగొండ

సార్, సల్మా గారూ, పరీక్ష చేశాను. Y2 బోర్డుకు x2ను Y1 బోర్డు 74HC14 నుంచే ఇచ్చాక రెండో బటన్‌ను ఎలా వదిలినా మొదటి ఎల్‌ఈడీయే వస్తోంది. తర్వాత Y2 బోర్డు ఫిల్టర్‌నే మళ్లీ కలిపి, దాని కెపాసిటర్‌కు సమాంతరంగా ఇంకొక 1 మైక్రోఫారడ్ పెట్టాను. ఇప్పుడు రెండో బటన్ చివరగా వదిలిన ప్రతిసారీ తప్పు వస్తోంది, మొదటి బటన్‌తో ఒక్కసారీ రావడం లేదు.

ఒకటి అడగాలి. b నుంచి cకి వెళ్లే రేస్ ప్రమాదం లేనిదన్నారు, కానీ దారిలో 00 తగిలితే క్షణకాలం మొదటి మోటారు సిగ్నల్ వస్తుంది కదా?

యాదగిరి, మహబూబ్‌నగర్

వస్తుంది. అది కొన్ని నానోసెకన్ల సూది లాంటి పల్స్. రిలే పట్టుకోవడానికి మిల్లీసెకన్లు కావాలి కనుక మోటారుకు తెలియదు. ఆ సిగ్నల్‌తో కౌంటర్ లాంటిది నడిపితే మాత్రం లెక్క తప్పుతుంది. అలాంటి చోట భాస్కర్ గారి పద్ధతిలో దారిని మనమే ఎంచుకొని, ఈ అసైన్‌మెంట్‌లో వాడని 11 కోడ్‌కు d అని పేరు పెట్టి, దాని గుండా వెళ్లేలా d అడ్డవరుస నింపడం మేలు. అక్కడ రెండు మోటార్ల సిగ్నళ్లూ ఆగి ఉండేలా అవుట్‌పుట్ రాసుకోవచ్చు.

భాస్కర్, మిర్యాలగూడ

ఎసెన్షియల్ హజార్డ్ సంగతి ఇప్పుడు స్పష్టమైంది. కానీ ఒక్కటి ఇంకా తేలలేదు. y1 శాఖలో పెట్టే ఆలస్యం కేవలం వెనక్కి జరిపేదై ఉండాలా, లేక చిన్న పల్స్‌లను మింగేసేదై ఉండాలా? ఆర్‌సీ పెడితే రెండోది అవుతుంది, గేట్ల వరుస పెడితే మొదటిదానికి దగ్గరగా ఉంటుంది.

సల్మా, జడ్చర్ల

ఈ సర్క్యూట్‌లో Y1 మీద చిల్లులు లేవు కనుక ఏదైనా సరిపోతుందని నా అంచనా. Y1 లోనే గ్లిచ్ వచ్చే టేబుల్ అయితే ఆర్‌సీకే ఓటు వేస్తాను. కానీ కరెంటు ఇచ్చిన మొదటి క్షణంలో ఆ ఆర్‌సీ కెపాసిటర్ ఖాళీగా ఉంటుంది, y1, y2 ఏ విలువతో లేస్తాయో చెప్పలేము. శ్రావణి గారూ, బోర్డుకు సప్లై తీసి మళ్లీ ఇచ్చినప్పుడు ఏ ఎల్‌ఈడీ వస్తోంది?

శ్రావణి, నల్లగొండ

ఒక్కోసారి ఒక్కోటి వస్తోంది. y1కు సంబంధించినంతవరకు 00లో Y1 సున్నాకే వస్తుంది, కానీ y2 ఒకటితో లేస్తే bలో నిలిచిపోతోంది అనుకుంటున్నాను. x1'y1'y2 గేటుకు రీసెట్ తీగ ఒకటి చేర్చి చూసి రేపు రాస్తాను.